ఈ శివరాత్రికి ఒక్కపొద్దు లేదు, నానమ్మా

మా ఇంట్లో శివరాత్రి అంటే మా అత్తమ్మ పండుగ. డెబ్బై ఆరేళ్ల వయసులో కూడా పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టదు. సాయంత్రం దీపం పెట్టి, పూజయ్యాక నాలుగు పండ్ల ముక్కలు, ఉడకబెట్టిన కందగడ్డ తిని రాత్రంతా జాగారం ఉంటుంది. మా దగ్గర కందగడ్డ అంటే గెనుసుగడ్డే. సిద్దిపేట నుంచి కొమురవెల్లి ఎంతో దూరం కాదు కాబట్టి, ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లు శివరాత్రికి మల్లన్న పెద్దపట్నం చూడటానికి కూడా పోయేది. ఆమె కోడళ్లుగా మా యారాలు, నేను కూడా పెళ్లయినప్పటి నుంచి అట్లాగే ఒక్కపొద్దులు ఉన్నాం.

మొన్న ఫిబ్రవరి 15న వచ్చిన శివరాత్రికి మా ఇంట్లో ఒక కొత్త మాట వినపడింది. అన్నది మా బావగారి కోడలు. ఆమెకు ఏడో నెల. తొలిచూలు. మాది ఉమ్మడి కుటుంబం కాబట్టి ఆమె ఒక మాట అనాలంటే తన అత్తకు, నానమ్మకు, నాకు, ముగ్గురికీ చెప్పుకోవాలి.

ఆమె చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. పండుగ రోజు పొద్దున చెప్పలేదు. రెండు వారాల ముందే, అత్తమ్మ వత్తులు చేసుకుంటున్న వేళ పక్కన కూర్చుని, తనూ కొంత దూది చేతిలోకి తీసుకుని మొదలుపెట్టింది.

"నానమ్మా, ఈసారి ఒక్కపొద్దు నాతోని కాదనిపిస్తుంది. మీకు ముందే చెప్తున్న. పోయిన వారం రక్తం పరీక్ష చేస్తే తొమ్మిదిన్నరే ఉన్నది. కడుపుతోని ఉన్నప్పుడు పదకొండుకు తగ్గొద్దట. డాక్టరమ్మ ఏ పూట సుత కడుపు ఖాళీగ ఉంచొద్దన్నది. పూజ చేస్త, దీపం పెడత, మీరు కథ చెప్తే వింట. తినుడు మాత్రం మానను. వచ్చే ఏడు బిడ్డను ఎత్తుకొని మీతోనే ఉంట."

గమనించారా? "మీ కాలం వేరు" అనలేదు. "ఇవన్నీ మూఢనమ్మకాలు" అనలేదు. ఏం చేయలేదో ఒక్క మాటలో చెప్పి, ఏం చేస్తుందో నాలుగు మాటల్లో చెప్పింది. పరీక్షలో వచ్చిన అంకె చెప్పింది. "డాక్టర్ వద్దన్నది" అని ఊరుకుంటే పెద్దవాళ్లకు అది సాకులాగా వినిపిస్తుంది. తొమ్మిదిన్నర, పదకొండు అంటే అది లెక్క.

అయినా అత్తమ్మ ఊరుకోలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. నా వైపు చెయ్యి చూపించి, "ఒక్క దినానికి ఏమైతది బిడ్డా? మీ చిన్నత్తమ్మ సుత ఏడో నెలల ఒక్కపొద్దు ఉన్నది. ఏం గాలె. శివయ్యనే సూసుకున్నడు" అన్నది.

నా చేతిలో వత్తి ఆగిపోయింది.

ఎందుకంటే ఏం కాకపోవడం అబద్ధం. ఇరవై రెండేళ్ల కిందట ఆ రోజు మధ్యాహ్నం అత్తమ్మ గుడికి పోయిన సమయంలో నేను వంటింట్లో కళ్లు తిరిగి పడ్డాను. మా ఆయన ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. ఒక సెలైన్ ఎక్కించారు. అదృష్టం బాగుండి పాప క్షేమంగా ఉంది. సాయంత్రానికి ఇంటికి వచ్చి, "చెకప్‌కు పోయినం" అని చెప్పాం. అత్తమ్మ బాధపడుతుందని, పండుగ పూట ఇంట్లో మాటలొద్దని దాచాం. ఆ దాచిన మాట ఇన్నేళ్లకు ఇంకో గర్భిణి ఎదుట సాక్ష్యమై నిలబడింది. "చిన్నత్తమ్మ ఉన్నది, ఏం గాలె."

ఆ సాయంత్రం నోరు తెరిచాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అత్తమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకటే అడిగింది. "గప్పుడే చెప్తే ఏమైతుండె?"

దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది అందుకే. గర్భంతో ఉండి కఠిన ఉపవాసం చేయలేని ఆడవాళ్లు మన ఇళ్లల్లో సాధారణంగా రెండు దారులు పడతారు. ఒకటి, ఓర్చుకుని ఉండటం. రెండోది, దొంగచాటుగా ఏదో తిని, ఉన్నానని చెప్పడం. మొదటి దాంట్లో ప్రమాదం అందరికీ తెలిసిందే. రెండోది తెలివైన దారిలాగా కనిపిస్తుంది గానీ, దాని అప్పు తర్వాత వచ్చే కోడలు తీర్చాల్సి వస్తుంది. మనం ఉన్నామనే పెద్దలు నమ్ముతారు. ఉన్నా ఏం కాలేదనే లెక్క వేసుకుంటారు. కాబట్టి మెత్తగానే అయినా, బయటికే చెప్పాలి.

ఇక "ఒక్క దినానికి ఏమైతది?" అన్న ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న, దానికి జవాబు చెప్పాలి. ముందు గంటలు లెక్కపెట్టండి. శనివారం రాత్రి ఎనిమిదికి అన్నం తిన్నామనుకోండి. ఆదివారం సాయంత్రం ఏడుకు దీపం పెట్టి పండు ముట్టేసరికి ఇరవై మూడు గంటలు. సోమవారం పొద్దున స్నానం, పూజ అయ్యి ఒక్కపొద్దు విడిచి అన్నం తినేసరికి ముప్పై ఆరు గంటలు దాటుతుంది. మనం "ఒక్క దినం" అంటాం గానీ, ఒంటికి అది ఒకటిన్నర దినం.

కడుపులో బిడ్డ మాత్రం ఒక్కపొద్దు ఉండదు. తల్లి రక్తంలోని చక్కెరను నిమిషం ఆగకుండా తీసుకుంటూనే ఉంటుంది. మామూలప్పుడు మనం తినకపోతే కాలేయంలో దాచిన చక్కెర చాలాసేపు ఆదుకుంటుంది. గర్భిణికి ఆ నిల్వ తొందరగా అయిపోతుంది. రాత్రి తిని, పొద్దున ఒక పూట మానేసినా, అంటే 12 నుంచి 18 గంటల్లోనే, రక్తంలో చక్కెర మామూలు వాళ్లకంటే ఎక్కువగా పడిపోతుంది. ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పెరుగుతాయి. తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి. నీళ్లు కూడా మానేస్తే దానికి తోడు ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరుగుతాయి. ఏడో నెల దాటినవాళ్లకు కడుపు గట్టిపడటం కూడా మొదలవ్వచ్చు. రక్తం తక్కువున్న మా పిల్లలాంటివాళ్లకు ఇవన్నీ ఇంకా తొందరగా తెలుస్తాయి. పైగా ఐరన్ మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటే చాలామందికి కడుపులో తిప్పుతుంది. అట్లని ఆ రోజు మాత్ర మానేస్తారు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునే గర్భిణి అయితే, సగం ఉపవాసం కూడా డాక్టరును అడగకుండా చేయకూడదు.

ఇదంతా చెప్పాక అత్తమ్మ మనసులో మిగిలింది పాపం భయం. అక్కడ వైద్యం మాట పనిచేయదు, శాస్త్రం మాటే పనిచేయాలి. బీఏలో తెలుగు చదువుకున్నందుకు నాకు ఆ రోజు ఒకటి గుర్తుకొచ్చింది. వ్రతాన్ని చెరపనివి ఎనిమిది ఉన్నాయని మహాభారతం ఉద్యోగపర్వంలో ఉంది. వాటిలో నీళ్లున్నాయి, దుంపలున్నాయి, పండ్లున్నాయి, పాలున్నాయి. గురువు మాట ఉంది, చివర మందు కూడా ఉంది. అంటే ఐరన్ మాత్రతో ఒక్కపొద్దు చెడదు. గర్భిణులు, బాలింతలు వ్రతాన్ని ఇంకొకరి చేత చేయించవచ్చన్నది కూడా ధర్మశాస్త్రాల్లో ఉన్నదే. అత్తమ్మ నా మాట మీద పూర్తిగా నిలబడలేదు. గుడి అయ్యగారిని అడిగింది. ఆయన కూడా, "కడుపుతోని ఉన్నామెను ఎవరుండమన్నరమ్మా?" అన్నాడట. దాంతో ఆమె మనసు కుదుటపడింది.

చివరికి ఒప్పందం ఇట్లా కుదిరింది. అన్నం ఒక్కటి ముట్టదు, ఖాళీ కడుపుతో ఉండదు, జాగారం ఉండదు. పొద్దున ఏడింటికి గ్లాసు పాలు, రెండు అరటిపండ్లు. పదింటికి ఉడికించిన కందగడ్డ, గుప్పెడు పల్లీలు. మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా, గిన్నెడు పెరుగు, తర్వాత ఐరన్ మాత్ర. పాలతో, చాయతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు కాబట్టి, పెరుగు తిన్నాక రెండు గంటలు ఆగి వేసుకుంది. సాయంత్రం ఖర్జూరాలు, బత్తాయి. రాత్రి మళ్లీ పాలు, కందగడ్డ. మధ్యమధ్యలో మంచినీళ్లు, మజ్జిగ. వట్టి పండ్ల మీదే ఉంచితే ఆకలి ఆగదు, బలమూ చాలదు. అందుకే ఉప్మా, పల్లీలు, పెరుగు పెట్టాం. తొమ్మిదింటికి దీపానికి దండం పెట్టుకుని పడుకుంది.

ఆమె పేరు మీద ఒక్కపొద్దు మా బావగారి కొడుకు ఉన్నాడు. మధ్యాహ్నం మూడింటికల్లా తలపట్టుకుని కూర్చుంటే, మా యారాలు, "ఇప్పుడు తెలిసిందా?" అని నవ్వింది. ఆ ఒక్క మాట మేమందరం చెప్పిన దానికంటే బాగా పనిచేసింది.

మీ ఇంట్లో ఇటువంటి మాట రావాల్సి ఉంటే, పెద్దవాళ్లకు ఒకటి ముందే చెప్పి ఉంచండి. కళ్లు తిరిగినా, మూత్రం తగ్గి ముదురు పసుపుగా వచ్చినా, కడుపు మాటిమాటికి గట్టిపడినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా, ఆ గంటలోనే తిని, తాగి, దవాఖానకు పోవాలి. దీపం పెట్టేదాకా ఆగడం వద్దు. ఈ ఒప్పుకోలు ముందే ఉంటే, ఆ సమయంలో ఆడపిల్ల ఎవరి ముఖమూ చూడాల్సిన పనిలేదు.

ఇంకొకటి నా వయసు వాళ్లకు. చెప్పే భారం ఆ పిల్ల ఒక్కదాని మీద వేయకండి. మనం ఒకప్పుడు పడ్డది, దాచింది, ఇప్పుడు చెప్తే చాలు. సోమవారం పొద్దున అత్తమ్మ ఒక్కపొద్దు విడుస్తూ మొదటి పళ్లెం ఆ పిల్లకు పెట్టింది. పక్కన నాకూ ఒకటి పెట్టి, "నువ్వు సుత తిను. ఆ దినం తినలేదు గద" అన్నది.