నాది కట్ అయింది అన్నా!

ఈ వారం మా భోపాలపట్నం వాట్సాప్ గ్రూపులోకి రోజుకొక పోస్టర్ వచ్చి పడింది. యూపీఐ మోసాల మీద అవగాహన వరుసట. ఇప్పటికి ఆరు వచ్చాయి, ఏడోది రేపో మాపో వస్తుంది. ఆరింటిలోనూ ఒకే దొంగ ఉన్నాడు. నల్ల ముసుగు, చేతిలో లాప్‌టాప్, వెనకాల ఆకుపచ్చ అంకెల వాన. బీజాపూర్ జిల్లాలో ఆ వేషంతో తిరిగితే మోసం సంగతి తర్వాత, మొదటి పోలీసు క్యాంపు దగ్గరే దించేస్తారు. మా సంతలో ముంచేవాడు ముసుగు వేసుకోడు. బండి దిగి, నవ్వి, "అన్నా" అంటాడు.

మా బావది 163వ నంబరు జాతీయ రహదారి పక్కన కిరాణా కొట్టు. గోదావరి దాటి వాజేడు మీదుగా వచ్చే బళ్లన్నీ ఆ కొట్టు ముందునుంచే పోతాయి. కిందటి సంత రోజు సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి బియ్యం బస్తా, నూనె డబ్బా, నాలుగు సబ్బులు తీసుకున్నారు. 2,340 రూపాయలైంది. స్కాన్ చేశారు. ఫోన్ తిప్పి చూపించారు. ఆకుపచ్చ టిక్కు, కొట్టు పేరు, అంకె, టైము అన్నీ ఉన్నాయి. సౌండ్ బాక్సు మాత్రం పలకలేదు. "సర్వర్ డౌన్ ఉన్నట్టుంది, నాది కట్ అయింది అన్నా, చూడు" అన్నాడు ఒకడు. బావ చూశాడు. పోనిచ్చాడు. ఆ డబ్బు ఆ రాత్రి రాలేదు, ఈ రోజుకీ రాలేదు.

అది నకిలీ యాప్. కొట్టు పేరు, అంకె కొడితే అచ్చం అసలు యాప్ లాంటి బొమ్మ గీసి పెడుతుంది. ఏ బ్యాంకుతోనూ దానికి సంబంధం లేదు. నాలుగో పోస్టరు దీని గురించే. "సౌండ్ బాక్సు పలక్కపోతే సరుకు ఇవ్వకండి" అని హిందీలో ఉంది. రాసినాయన ఊళ్లో అది నిజమే కావచ్చు. అక్కడ బాక్సు మూగబోయిందంటే మోసమని అర్థం. మా దగ్గర టవర్ పోయిందని అర్థం. ఆ బాక్సులోనూ ఉండేది సిమ్ కార్డే కదా! కరెంటు పోయి టవర్ పడుకుంటే బాక్సూ పడుకుంటుంది. రోజుకు రెండుసార్లు మూగబోయే దాన్ని నమ్మి బేరాలు వదులుకుంటే బావ కొట్టు మూసుకోవాలి. దొంగకూ ఈ సంగతి తెలుసు. వాడి పెట్టుబడి నకిలీ యాప్ కాదు, మా టవర్.

ఇంకో చిక్కుంది. "నాది కట్ అయింది" అనేవాళ్లంతా దొంగలు కారు. యూపీఐలో డబ్బు ఒక్క గెంతులో రాదు. ముందు కొన్నవాడి బ్యాంకు అతని ఖాతాలోంచి తీస్తుంది, మధ్యలో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ మాట అందిస్తుంది, ఆ తర్వాత అమ్మినవాడి బ్యాంకు జమ వేస్తుంది. మొదటి మెట్టు దాటాక రెండో మెట్టు దగ్గర ఆగిపోతే అతనికి నిజంగానే డబ్బు కట్ అవుతుంది, ఇతనికి రాదు. అలాంటప్పుడు నిజాయితీగా కట్టినవాడూ దొంగా ఒకే మాట అంటారు, ఒకేలా ఫోన్ తిప్పి చూపిస్తారు. బావకు మొహమాటం అక్కడే మొదలవుతుంది. పాపం, ఆయన డబ్బు పోయింది, మళ్లీ ఇమ్మని ఎట్లా అడిగేది?

అడగొచ్చు. ఎందుకు అడగొచ్చో ఆరు పోస్టర్లలో ఒక్కటీ చెప్పలేదు, నా కోపమంతా దాని మీదే. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. యూపీఐలో ఖాతాలో డబ్బు తగ్గి అవతలివాడికి చేరకపోతే, మనిషి నుంచి మనిషికి పంపినదైతే మర్నాటికల్లా, దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లోపల, అడగకుండానే తిరిగి జమ కావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. అంటే కట్ అయి చేరని డబ్బు ఎక్కడికీ పోదు. వస్తే కొట్టువాడికి వస్తుంది, లేకపోతే కొన్నవాడికే తిరిగిపోతుంది.

ఈ ఒక్క సంగతి తెలిసినవాడికి మొహమాటం అక్కర్లేదు. "తమ్మీ, నాకు రాకపోతే నీకే తిరిగొస్తది. ఇప్పటికి నగదు ఇయ్యి, లేదంటే సరుకు ఈడనే ఉంచిపో. నాకు పడ్డదంటే నీకు ఫోన్ చేస్తా" అనొచ్చు. నిజంగా కట్ అయినవాడు సణుగుతాడు, జేబులు తడుముకుంటాడు, నంబరు రాసిచ్చిపోతాడు. యాప్‌తో బొమ్మ గీసినవాడు బండి ఎక్కుతాడు. ఇందులో ఒక జాగ్రత్త మాత్రం బావ వైపు ఉంది. నగదు తీసుకున్నాక ఆ రాత్రి టవర్ లేచి ఆన్‌లైన్ డబ్బు కూడా పడిందంటే అది ఆ మనిషిది. పద్దు పుస్తకంలో పేరు, ఫోను, అంకె రాసి పెట్టుకోవాల్సింది అందుకే.

పడిందా లేదా చూసుకోవాల్సింది కూడా మన దగ్గరే, ఎదుటివాడి ఫోన్లో కాదు. దుకాణం యాప్‌లో లావాదేవీల పట్టీ చూడాలి. మెసేజ్ వచ్చినా పంపింది ఎవరో చూడాలి. బ్యాంకు మెసేజ్ అక్షరాల పేరుతో వస్తుంది, పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. నెట్ లేక మాటల సిగ్నల్ మాత్రం ఉంటే *99# కొట్టి నిల్వ చూసుకోవచ్చు, మామూలు డబ్బా ఫోనైనా సరే. అందుకు ఆ నంబరు బ్యాంకులో నమోదై ఉండాలి. అసలు సిగ్నలే లేకపోతే అదీ పనిచేయదు, అప్పుడు నగదే.

ఇక్కడో తిరకాసుంది. *99# లో నిల్వ చూడాలన్నా పిన్ అడుగుతుంది, యాప్‌లోనూ అడుగుతుంది. మొదటి పోస్టరేమో "పిన్ కొట్టారంటే డబ్బు పోయినట్టే" అంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్నది నిజం. కానీ పిన్ అడిగిన ప్రతిసారీ డబ్బు పోతుందన్నది నిజం కాదు. యాప్‌లో పిన్ గడులకు పైన చూడండి. డబ్బు పోయేదైతే ఎంత, ఎవరికి అని రాసి ఉంటుంది. నిల్వకైతే ఆ అంకె ఉండదు. చూడాల్సింది ఆ వరుస. దాన్ని చదవడం నేర్పకుండా పిన్ అంటే భయం నేర్పితే, మా బావలాంటివాళ్లు సొంత ఖాతా చూసుకోవడానికి కూడా భయపడి ఎదుటివాడి ఫోనునే నమ్ముతారు.

2025 మొదట్లో ఇదే జరిగింది. ఖాతాలో ఎవరో చిన్న మొత్తం వేస్తారు, మీరు నిల్వ చూద్దామని పిన్ కొట్టగానే పెద్ద మొత్తం లాగేస్తారు అని దేశమంతా హెచ్చరికలు తిరిగాయి. చివరికి పేమెంట్స్ కార్పొరేషనే ముందుకొచ్చి, నిల్వ చూసినంత మాత్రాన డబ్బు పోదు, వచ్చిన అభ్యర్థనను మీరే తెరిచి ఒప్పుకుని పిన్ కొట్టాలి అని చెప్పుకోవాల్సి వచ్చింది. మా మూడో పోస్టరు ఇంకా అక్కడే ఉంది. తెలియని వ్యక్తి డబ్బు అడుగుతూ పంపే అభ్యర్థనను తిరస్కరించమంటోంది. వ్యక్తులు ఒకరికొకరు అలా పంపుకునే సౌకర్యాన్ని 2025 అక్టోబరు 1 నుంచే తీసేశారు. వ్యాపార సంస్థలు పంపేవే మిగిలాయి. లేని పాముకు కర్రలు పంచుతున్నారు.

ఆరో పోస్టరు 1930కి ఫోన్ చేయమంది. మన ఖాతాలోంచి డబ్బు పోతే తప్పకుండా చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు. అవతలి ఖాతాలోంచి డబ్బు తీసేయకముందే ఆపగలిగితే ఏమైనా మిగులుతుంది. కానీ బావ విషయంలో ఆపడానికి ఏముంది? అసలు డబ్బు కదలనే లేదు. కదిలింది బియ్యం బస్తా. ఇది భారతీయ న్యాయ సంహిత 318 కింద పచ్చి మోసం, పోలీస్ స్టేషన్ పని. 2023-24లో యూపీఐ మోసాలు 13.42 లక్షలు, పోయిన సొమ్ము 1,087 కోట్లు అని పార్లమెంటులో చెప్పారు. సగటున ఒక్కొక్కటి 8 వేల రూపాయల పైచిలుకు. జరగని లావాదేవీ ఏ బ్యాంకు లెక్కలోకి ఎక్కుతుంది? బావ బస్తా ఆ కోట్లలో లేదు. ఇలాంటి బస్తాలు ఎన్నో.

మెసేజ్ చూసుకోమన్నాను కదా, ఆ మెసేజ్ సంగతీ చెప్పాలి. 2024 జూన్ 25 నుంచి ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు యూపీఐలో 500 రూపాయల లోపు జమలకు, 100 లోపు ఖర్చులకు మెసేజ్‌లు ఆపేసింది. పెద్ద ఉద్యోగికి అది చిల్లర, సతాయింపు తగ్గింది. సంతలో ఎండుచేపలు అమ్మే అవ్వకు రోజు బేరమంతా 500 లోపు జమలే! ఆమె ఎవరి బొమ్మ చూసి నమ్మాలి? 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం చిన్న దుకాణదారుల యూపీఐ కోసమని 2024-25కి 1,500 కోట్ల పథకం ఆమోదించింది. 2,000 లోపు ప్రతి చెల్లింపు మీద 0.15 శాతం. దుకాణదారు పేరుతో వచ్చిన ఆ డబ్బు చేరింది బ్యాంకులకూ యాప్‌లకూ. చిన్నవాడి దగ్గర రుసుము తీసుకోవడం లేదు కాబట్టి వాళ్లకు ఇచ్చామన్నది వాదన. సరే, కాదనను. ఆ 0.15 శాతంలోంచి అవ్వకు ఒక మెసేజ్ పంపలేకపోయారా, అదీ ఆమె చదివే భాషలో? భోపాలపట్నంలో సగం బేరాలు తెలుగులో, మిగతావి గోండిలో, దోర్లలో నడుస్తాయి. పోస్టర్లు ఆరూ హిందీలోనే. ముసుగు దొంగను గీయడానికి ఉన్న ఓపిక అనువాదానికి లేకపోయింది.

బావ అట్ట ముక్క మీద మూడు వాక్యాలు రాయించి క్యూఆర్ పక్కన కట్టాడు. నాకు పడితేనే సరుకు. నాకు రాకపోతే నీకే తిరిగొస్తది. నీ ఫోన్ చూపొద్దు. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. పొద్దున కొట్టు తెరవగానే కోడలి ఫోన్‌తో తన క్యూఆర్ తానే స్కాన్ చేసి పేరు చూసుకోమని కూడా చెప్పాను. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ ఖజురహోలో రాత్రికి రాత్రి కొట్ల ముందర, పెట్రోల్ బంకులో క్యూఆర్‌ల మీద ఎవరో తమవి అంటించిపోయారు. ఆ జూన్ 30 నుంచి యాప్‌లు బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలి కాబట్టి ఆ మార్పిడి ఇప్పుడు కొంచెం సులువుగా దొరుకుతుంది, పేరు చదివితే.

నిన్న సంతలో ఒక మాస్టారికి నిజంగానే కట్ అయి ఆగిపోయింది. అట్ట చదివి, గొణిగి, నగదు ఇచ్చిపోయాడట. డబ్బు తిరిగి పడిందని రాత్రి ఫోన్ చేశాడట. "బాక్సు ఎట్లుంది బావా?" అన్నాను. నిన్నా మూగబోయిందన్నాడు. దాని అద్దె మాత్రం ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా సర్వర్ డౌన్‌లో పడలేదట.