కలం, ఖలం: మా శాఖ వీడ్కోలు

మా భాషాశాఖ మిత్రులు ధ్వనిశాస్త్రంలో ఉన్నత విద్యకై విదేశానికి బయలుదేరుతున్నారు. కొత్తూరువారికి విమానం కొత్త కాదు. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచిన నాటినుండి ఆ మోతకు డిక్టేషను ఆపి, అది దాటిపోయాక మరల చదవడం మాకలవాటే. మా గదిలోని మనిషే అందులో ఎక్కిపోవడం మాత్రం కొత్త.

వారి వలన మేము నేర్చుకొన్న సంగతి ఒకటి చెప్పాలి. ఒక విద్యార్థి తెలుగు పరీక్షలో "ఖలం" అని వ్రాశాడు. మేము ఎర్రసిరాతో కొట్టివేశాము. ఈ మిత్రులు ఆ పిల్లవానిని పిలిచి మాట్లాడించారు. అరబ్బీనుండి వచ్చిన ఈ మాటకు ఉర్దూ లిపిలో మొదట ఉండేది "ఖాఫ్" అనే అక్షరం. దానిని గొంతు లోపలినుండి పలకాలి. హైదరాబాదీలు దానిని "ఖ"ను పోలిన ఊపిరి ధ్వనిగా పలుకుతారు. తెలుగు దానినే "కలం" చేసుకొన్నది. పిల్లవాడు తన ఇంట విన్నదానినే వ్రాశాడు. వ్రాతలో అది తప్పే, మార్కు తగ్గవలసినదే. పలుకుబడిలో తప్పు కాదు. ఈ రెంటినీ మేము అంతవరకు ఒకటిగానే చూశాము.

ఇటువంటి పలుకును పట్టుకొని విదేశానికి వెళ్లినవారు లేకపోలేదు. ఉస్మానియాలో చదివిన సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1929లో లండనులో డాక్టరేటు పొంది, పిమ్మట పారిస్ విశ్వవిద్యాలయపు ధ్వనిశాస్త్ర సంస్థలో ప్రయోగాలు చేశారు. 1930లో వెలువడిన ఆయన గ్రంథం "హిందూస్తానీ ఫొనెటిక్స్" ప్రత్యేకించి పరిశీలించినది ఢిల్లీ పలుకును కాదు, హైదరాబాదు పలుకును. తిరిగివచ్చి 1931లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూను స్థాపించారు. పంజాగుట్టలోని ఐవాన్-ఎ-ఉర్దూ ఆ సంస్థదే.

కనుక మిత్రులకు మా మనవి ఇది. ఇక్కడి పలుకును మీ పరిశోధనకు ఆధారం చేసుకోండి. అయితే కాగితం చేతికిచ్చి చదివించిన రికార్డును నమ్మవద్దు. అక్షరం కంటికి కనబడగానే మనిషి జాగ్రత్తపడి, ఇంట ఎన్నడూ పలకనట్లు పలుకుతాడు. బొమ్మ చూపి పేరు చెప్పించండి, తరువాత అదే మాటను చదివించండి. తేడా అక్కడ బయటపడుతుంది. మాట్లాడినవారి వయస్సు, ఊరు, ఇంటి భాష రికార్డుతో పాటే వ్రాసిపెట్టుకోండి. ఏడాది గడిస్తే ఎవరి గొంతు ఎవరిదో జ్ఞాపకముండదు.

యు.జి.సి. 2018 నిబంధనలలో, అధ్యయన సెలవు పొందినవారు తిరిగివచ్చి కనీసం 3 సంవత్సరాలు పనిచేయవలెనని బాండు ఉన్నది. న్యాయమైన షరతే. కాని బాండుకు కట్టుబడి కూర్చున్న ఉపాధ్యాయుని తరగతి ఎట్లుంటుందో మాకు తెలియనిది కాదు. (మాలో కొందరు ఏ బాండూ లేకుండానే అట్లు కూర్చున్నారు!) మీరు బాండు కోసం కాక, ఆ పిల్లవాని వంటివారి కోసం రావాలని మా కోరిక.

మీ తరగతులను మేము వంతులవారీగా పంచుకొన్నాము. డిక్టేషను నోటుపుస్తకాలు బీరువా పై అరలో ఉన్నవి. ఇకమీదట "ఖలం" కనబడితే మార్కు తగ్గించి, పక్కన విద్యార్థి ఊరిపేరు వ్రాసి, మీకు పంపగలము.