నల్ల హార్ట్ పంపే ముందు

ఫోన్‌లో హార్ట్ గుర్తులు చాలా రంగుల్లో ఉన్నాయి. అందులో నాలుగింటి గురించే ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ఇది: పంపేవాళ్లు అనుకున్న రంగు అర్థమే చదివేవాళ్లకి కూడా తెలుస్తుందని నమ్మకూడదు.

ఎర్రది ❤️ అందరికీ తెలుసు. ప్రేమ, అభిమానం, "చాలా బాగుంది". అమ్మమ్మకి పంపినా, భర్తకి పంపినా సరిపోతుంది. నారింజ రంగుది 🧡 2017లో వచ్చింది. దాన్ని ఎక్కువగా స్నేహానికి వాడతారు. ప్రేమ అని చెప్పకుండా ఆప్యాయత చూపించాలంటే అది మంచిది. మా గుడి గ్రూప్‌లో మాత్రం పెద్దవాళ్లు దాన్ని కాషాయం అనుకుని హనుమంతుడి ఫోటో కింద పెడతారు. అది కూడా తప్పు కాదు.

చిక్కు నలుపు 🖤, తెలుపు 🤍 దగ్గర వస్తుంది. నల్లది 2016లో, తెల్లది 2019లో వచ్చాయి. ఇక్కడ పుట్టిన పిల్లలకి నలుపు స్టైల్, కొంచెం వెటకారం, లేదా దుఃఖం. ఈ దేశంలో అంత్యక్రియలకి నల్లబట్టలు వేసుకుంటారు కదా. మన ఇళ్లల్లో నలుపు శుభకార్యాలకి పనికిరాదు. చావు ఇంట్లో కనిపించే రంగు తెలుపు.

ఒకసారి మా గ్రూప్‌లో ఒకావిడ తన తల్లి పోయారని రాసింది. ఒక కాలేజీ అబ్బాయి 🖤 మాత్రమే పెట్టాడు. వెంటనే ఒక పెద్దావిడ నాకు ఫోన్ చేసి, "ఆ నల్లది ఏమిటమ్మా? అపశకునంలా ఉంది" అన్నారు. "వాడు బాధతోనే పెట్టాడు పిన్నిగారూ, ఇక్కడ దుఃఖానికి నలుపే" అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆగి, "అయితే ఒక మాట కూడా రాయొచ్చు కదా" అన్నారు. ఆవిడ అన్నది నిజమే అని నాకు అనిపించింది.

ఇంకో సంగతి. ఎర్ర హార్ట్‌కి యూనికోడ్‌లో ఉన్న పేరు "హెవీ బ్లాక్ హార్ట్". అక్కడ బ్లాక్ అంటే రంగు కాదు, లోపల ఖాళీ లేకుండా నిండినది అని. ఎరుపు రావాలంటే దాని వెనక కనిపించని ఇంకో కోడ్ ఉండాలి. అది పోతే కొన్ని తెరల మీద ఆ హార్ట్ మామూలు అక్షరంలా, పక్కన ఉన్న అక్షరాల రంగులోనే కనిపిస్తుంది. తెల్ల తెర మీద నల్లగా, నల్ల తెర మీద తెల్లగా! హార్ట్ రంగు, పక్క అక్షరాల రంగు ఒకటే అయితే కోపం తెచ్చుకునే ముందు ఇంకో ఫోన్‌లో చూడండి.

అందుకే చావు వార్త కింద నేను 🤍 పెడతాను. తెలుపు ఇక్కడివాళ్లకి శాంతి, మనవాళ్లకి సంతాపం, ఇద్దరికీ సరిపోతుంది. కానీ ముందు తెలుగులో ఒక వాక్యం రాస్తాను: "అమ్మగారి ఆత్మకి శాంతి కలగాలి." ఆ వాక్యం ఉంటే పక్కన ఏ రంగు ఉన్నా ఎవరూ తప్పుగా అనుకోరు.