లాగ్ చెప్పేది ఐడీ పేరే, మనిషి పేరు కాదు

కోవిల్‌పట్టిలో నగలు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్న ఒక ఇల్లాలికి ఉన్నట్టుండి వేరే కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. "అక్కా, మీ ఆరు సవర్ల గొలుసు ఫలానా బ్రాంచిలో ఉంది కదా, వచ్చే నెలే గడువు. ఆ అప్పు మేం తీర్చేస్తాం, వడ్డీ తక్కువేస్తాం" అంటాడు అవతలివాడు. గొలుసు బరువు, గడువు తేదీ, సెల్ నంబరు మూడూ కలిపి ఉండేది ఆ బ్రాంచి కంప్యూటర్లోనే. లోపలివాళ్లెవరో జాబితా అమ్ముకున్నారని ఆమెకు అనుమానం వస్తుంది, కంపెనీకీ వస్తుంది. అనుమానపడటం తప్పు కాదు. పేరు తేలకముందే పేరు పెట్టేయడం తప్పు.

ఇలాంటి చోట్ల వ్యవహారం ఎలా దారి తప్పుతుందో తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. ఫిర్యాదు రాగానే హెడ్డాఫీసు వాళ్లు సర్వర్ లాగ్ తీస్తారు. అందులో ఈ వరస కనిపిస్తుంది.

```
2025-06-12T13:12:40Z user=KVP07 action=EXPORT rows=412 host=VNR-PC2
```

కేవీపీ07 అంటే కోవిల్‌పట్టి బ్రాంచిలో పనిచేసే ఒక కుర్రాడి ఐడీ. మధ్యాహ్నం 1.12 గంటలకు 412 మంది ఖాతాదారుల జాబితా దిగింది. ఆ సమయానికి కుర్రాడు సీట్లోనే ఉన్నట్టు హాజరు యంత్రం చెబుతోంది. ఇంకేముంది, దొంగ దొరికాడని మేనేజరు అందరి ముందూ అతన్ని నిలబెట్టి కడిగేస్తాడు. సాయంత్రానికి ఊళ్లో పొక్కిపోతుంది.

కానీ ఆ వరసను సరిగా చదివితే కథ మారిపోతుంది. సమయం చివర ఉన్న జెడ్ అక్షరానికి అర్థం అది అంతర్జాతీయ ప్రామాణిక సమయమని. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అంటే జాబితా దిగింది మధ్యాహ్నం కాదు, సాయంత్రం 6.42కి. కుర్రాడు 6.10కే వేలిముద్ర వేసి బయటికెళ్లాడు. పైగా వరస చివర ఉన్న యంత్రం పేరు విరుదునగర్ బ్రాంచిది. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాదాపు యాభై కిలోమీటర్లు. 32 నిమిషాల్లో బస్సెక్కి అక్కడికి చేరి జాబితా దించడం అయ్యే పని కాదు.

మరి అతని ఐడీ అక్కడికెలా వెళ్లింది? మార్చి నెలాఖరు రద్దీలో అతన్ని విరుదునగర్‌కు పంపారు. తను లేనప్పుడు పని ఆగకూడదని పాస్‌వర్డ్ అక్కడి వాళ్లకు చెప్పి వచ్చాడు. మన ఊళ్ల బ్రాంచీల్లో ఇది ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చినంత మామూలు. ఇక్కడ అతని తప్పు ఉంది. కానీ అది పాస్‌వర్డ్ చెప్పిన తప్పు, దొంగతనం కాదు. మొదటిదానికి హెచ్చరిక లేఖ సరిపోతుంది. రెండోది రుజువైతే ఉద్యోగం పోతుంది, ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. రెండింటినీ ఒక్కటి చేసేస్తే అసలు మనిషి హాయిగా తప్పుకుంటాడు.

కాబట్టి మొదటి గంటలో చేయాల్సిన పని ఎవరినీ పిలిచి అడగడం కాదు, ఆధారాన్ని భద్రపరచడం. సీసీ కెమెరా రికార్డు కొన్ని వారాలకే తనంతట తానే చెరిగిపోతుంది. జాబితా దిగిన కంప్యూటర్‌ను అలాగే వాడుతూ పోతే పెన్‌డ్రైవ్ పెట్టిన జాడ, పంపిన మెయిల్ జాడ చెదిరిపోతాయి. అందుకే నకలు తీసి, దానికి హాష్ విలువ లెక్కగట్టి రాసిపెట్టాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది గనుక, తర్వాత ఎవరూ ముట్టుకోలేదని చెప్పడానికి అదే సాక్ష్యం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం కోర్టుకిచ్చే ధ్రువపత్రంలో ఈ విలువ ఉండాలి, నిపుణుడి సంతకమూ ఉండాలి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు కూడా లాగ్‌లను 180 రోజులు దాచాలని, గడియారాలు సరిచూసుకోవాలని, డేటా లీకైనట్టు తెలిసిన ఆరు గంటల్లో తమకు చెప్పాలని అంటున్నాయి.

వెతకడానికి కూడా ఒక హద్దుండాలి. కంపెనీ కంప్యూటరు, కంపెనీ మెయిలు చూడొచ్చు. కుర్రాడి సొంత ఫోన్ లాక్కుని వాట్సాప్ తెరవమనడం కుదరదు. అది అవసరమైతే పోలీసులకు ఫిర్యాదు చేయాలి, చట్టప్రకారం వాళ్లు చూసుకుంటారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం యజమాని తన నష్టాన్ని అడ్డుకోవడానికి ఉద్యోగి వివరాలు వాడుకోనిస్తుంది. అంతమాత్రాన అందరి ఫోన్లూ, అందరి మెయిళ్లూ తోడేయమని కాదు. ఏ తేదీలు, ఏ యంత్రం, ఎవరు చూస్తారు అన్నది ముందే కాగితం మీద ఉండాలి. ఆ 412 మంది వివరాలు విచారణ పేరుతో పదిమంది చేతులు మారితే అది రెండో లీకు.

ఇక హెచ్చార్ పని. విరుదునగర్ కెమెరాలో 6.42కి ఆ సీట్లో ఒక మనిషి కనిపించారనుకుంటే, అప్పటికీ తీర్పు కాదు. వేలం నోటీసుల కోసం జాబితా తీయమని పైఅధికారే చెప్పి ఉండొచ్చు. అభియోగం రాసిచ్చి, లాగ్ నకలు చేతికిచ్చి, జవాబుకు గడువిచ్చి, ఆ జవాబు నిజమో కాదో సరిచూడాలి. ఫిర్యాదు చేసిన మేనేజరే విచారణాధికారి కాకూడదు. సస్పెండ్ చేస్తే జీవన భృతి ఇవ్వాలి. తమిళనాడు 1981 చట్టం ప్రకారం మొదటి 90 రోజులూ సగం జీతం అతని హక్కు.

ఇది చిన్న బ్రాంచీలకే పరిమితమైన గొడవ కాదు. 2024లో చెన్నైకి చెందిన స్టార్ హెల్త్ బీమా కంపెనీ ఖాతాదారుల వివరాలు టెలిగ్రామ్‌లో బయటపడ్డాయి. మూడు కోట్లకు పైగా మంది వివరాలు తన దగ్గరున్నాయన్న హ్యాకర్, వాటిని కంపెనీ భద్రతాధికారే అమ్మాడని ప్రచారం చేశాడు. కంపెనీ మద్రాసు హైకోర్టుకెళ్లింది, బయటి నిపుణులతో విచారణ మొదలుపెట్టింది. ఆ అధికారి సహకరిస్తున్నారని, ఆయన తప్పు చేసినట్టు అప్పటివరకు తేలలేదని చెప్పింది. అక్కడ వేలు చూపించినవాడు డేటా ఎత్తుకెళ్లినవాడే. దొంగ చెప్పిన మాటతో ఒకరి ఉద్యోగం తీసేయడం ఎంత ప్రమాదమో అక్కడ తెలుస్తుంది.

నగల కంపెనీలు, చిట్టీల కంపెనీలు రేపటి నుంచే చేయగలిగినవి రెండున్నాయి. ఒక మనిషికి ఒకే ఐడీ ఇచ్చి, పాస్‌వర్డ్ అరువివ్వాల్సిన అవసరం లేకుండా డిప్యుటేషన్ మీద వెళ్లినవాళ్లకు అక్కడే కొత్త ఐడీ తెరవాలి. ప్రతి బ్రాంచి జాబితాలో ఎవరికీ ఇవ్వని సెల్ నంబరుతో ఒక ఉత్తుత్తి ఖాతాదారుణ్ని చేర్చాలి. ఆ నంబరుకు వేరే కంపెనీ ఫోన్ చేసిన రోజు, ఏ బ్రాంచి జాబితా బయటికెళ్లిందో ఎవర్నీ నిలదీయకుండానే తెలుస్తుంది.

గొలుసు తాకట్టు పెట్టిన ఇల్లాలికి తన వివరాలు బయటికి పోయాయన్న కబురు కంపెనీయే చెప్పాలి. ఆమె నమ్మకం నిలబడాలంటే దొంగ దొరకాలి. దొరికినవాడు అసలు దొంగే అయి ఉండాలి.