గుడి మెట్ల కింద లెక్క ఉండాలి

2025 నవంబర్ 1న, కార్తీక ఏకాదశి శనివారం నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. లోపలికి వెళ్ళడానికీ బయటికి రావడానికీ ఒకటే దారి. మెట్ల మీద ఒత్తిడికి రెయిలింగు విరిగింది. అంతమంది వస్తారన్న సమాచారం తమకు ముందుగా అందలేదని ప్రభుత్వం చెప్పింది. ఆ ఉదయం లోపల ఎంతమంది ఉన్నారు, మెట్ల మీద ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్నకు అక్కడ ఎవరి వద్దా జవాబు లేకపోవడమే అసలు లోపం.

ఆ ఊరు మనకు దూరమే కావచ్చు గాని ఆ పరిస్థితి దూరమైనది కాదు. హిందూపురం, ధర్మవరంలలో వైకుంఠ ఏకాదశికి వైష్ణవాలయాల ముందు తెల్లవారుజామునే బారులు తీరుతారు. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు పొరుగు రాష్ట్రం నుండి కూడా జనం వస్తారు. పెండ్లిళ్ళ కాలంలో మేడమీది కల్యాణ మండపాలు కిక్కిరిసిపోతాయి. ఇట్టి చోట్ల గుమ్మం వద్ద ఇద్దరు మనుషులు చేతి కౌంటర్లు పట్టుకొని నిలబడితే చాలా ఆపదలు తప్పుతాయి. అయితే ఆ లెక్కకు ఒక పద్ధతి ఉన్నది.

ముందుగా హద్దు తేల్చుకోవాలి. మేడమీద అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు గల మండపం ఉన్నదనుకొందాం. వేదిక, స్తంభాలు, సామాన్ల చోటు తీసివేయగా సుమారు 2,000 చదరపు అడుగులు మిగులుతుంది. నిలబడ్డ మనిషికి అయిదున్నర చదరపు అడుగుల చొప్పున 360 మంది పడతారు. కమిటీ వారు సాధారణంగా ఈ లెక్కతోనే ఆగిపోతారు. కాని దిగే దారి లెక్క వేరే ఉన్నది. బ్రిటన్‌లో క్రీడా మైదానాలకు అనుసరించే ప్రమాణం ప్రకారం మీటరు వెడల్పు గల మెట్ల మీద నిమిషానికి 66 మంది దిగగలరు. మన మండపానికి నాలుగు అడుగుల మెట్లు ఒకటే ఉన్నవి. అంటే నిమిషానికి 80 మంది. అగ్నిప్రమాదం వస్తే రెండున్నర నిమిషాలలో హాలు ఖాళీ కావాలని పెట్టుకొంటే 200 మందికి మించి లోపల ఉండరాదు. హాలులో 360 మందికి చోటున్నా మెట్లు 200 మందికే చాలుతాయి. ఈ రెంటిలో తక్కువది ఏదో అదే హద్దు. లెక్కలో కొంత తేడా వస్తుంది గనుక 180 వద్దనే తలుపు ఆపుట మంచిది.

ఇక కౌంటరు. అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం అది. బొటనవేలితో మీట నొక్కితే అంకె ఒకటి పెరుగుతుంది. పక్కనున్న బొడిపె తిప్పితే సున్నాకు వస్తుంది. నామజపానికి వేలికి తొడిగే కౌంటరు చూసినవారికి ఇది కొత్త కాదు. నాలుగంకెల కౌంటరు 9,999 దాటితే మళ్ళీ 0000 అవుతుంది. పెద్ద ఉత్సవానికి అది గుర్తుంచుకోవాలి.

ఒక్క కౌంటరు చాలదు. వచ్చేవారికి ఒకటి, పోయేవారికి ఒకటి కావాలి. వచ్చినవారిలో నుండి పోయినవారిని తీసివేస్తేనే లోపలున్నవారు తేలుతారు. వచ్చినవారు 640, పోయినవారు 465 అయితే లోపల 175 మంది ఉన్నట్లు. ఇంకో అయిదుగురు వెళ్ళగానే తలుపు ఆగాలి; ఆ తరువాత నలుగురు బయటికి వస్తే నలుగురినే పంపాలి. చంకలోని బిడ్డను కూడా లెక్కించాలి. పావుగంటకోసారి రెండు అంకెలూ పలకమీదో కాగితం మీదో రాయాలి. అలా రాసి ఉంటే పొరపాటున బొడిపె తిరిగి సున్నా అయినా నష్టం ఉండదు. మనిషి మారినప్పుడు పాతవాడు అంకెను పైకి చదివి అప్పగించాలి.

మన పల్లెల్లో గొర్రెల కాపరి మందను ఎలా లెక్కిస్తాడు? దొడ్డి వాకిలి ఇరుకు చేసి ఒకటొకటిగా లోపలికి వదులుతాడు. గుమ్మం వద్ద కూడా అంతే. నలుగురు బారుగా తోసుకొని వస్తే ఎంత చురుకైన వాడైనా లెక్క తప్పుతాడు. కర్రలు కట్టి ఒక వరుస చేయాలి. అయితే ఆ కర్రలు అవసరమైన క్షణంలో తీసివేయగలిగేవిగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం లెక్కించే చోటు. కౌంటరు వాడు పై గుమ్మం వద్ద నిలబడితే, అతడు ఆపిన జనమంతా మెట్ల మీద పేరుకొంటారు. హాలు లెక్క సరిగానే ఉంటుంది. ప్రమాదం మెట్ల మీదికి మారుతుంది. అందుచేత లెక్క మెట్ల కింద, నేలమీద, వెనుకకు మరలడానికి చోటున్న దగ్గర జరగాలి. ఆగినవారు నిలబడడానికి రోడ్డు కాక వేరే ఖాళీ స్థలం చూపాలి.

లెక్క తప్పుతున్నదని ఎలా తెలుస్తుంది? రాత్రి హాలు ఖాళీ అయ్యాక రెండు కౌంటర్లూ ఒకే అంకె చూపాలి. వచ్చినవారు 5,140, పోయినవారు 5,085 అని ఉంటే 55 మంది లెక్కకు రాకుండా బయటికి పోయారన్న మాట. ఇది అంత ప్రమాదం కాదు. పోయినవారే ఎక్కువగా కనిపిస్తే మాత్రం వంటవారి తలుపు గుండానో, పెద్దల కోసం తెరిచిన పక్క తలుపు గుండానో లెక్కలేని జనం లోపలికి వచ్చినట్లు. అంటే కౌంటరు 180 చూపినప్పుడు లోపల అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. మరునాటికి ఆ తలుపు వద్ద కూడా మనిషిని పెట్టాలి, లేదా లోనికి రాకుండా కట్టడి చేయాలి. తాళం మాత్రం వేయరాదు. ఆపదలో అదే దారి అవుతుంది.

ఈ లెక్క ఇంకో మేలు చేస్తుంది. ఒక్కొక్కరు లోపల పావుగంట ఉంటారనుకొంటే 180 మంది హద్దుతో గంటకు 720 మందికి మాత్రమే దర్శనం అవుతుంది. అయిదు వేల మంది వస్తే ఏడు గంటలు పడుతుంది. పొద్దుననే మొదటి గంట అంకెలు చూసి, ఇప్పుడు వరుసలో చేరినవారికి ఎన్ని గంటలకు దర్శనమో మైకులో చెప్పవచ్చు. వేళ తెలిసిన జనం తోసుకోరు.

కౌంటరుకు తెలియనిది కూడా ఒకటున్నది. మొత్తం 150 మందే ఉన్నా, హారతి వేళ అందరూ గర్భగుడి ముందుకే జరిగితే ఊపిరాడదు. దాన్ని కళ్ళతో చూసే మనిషి లోపల వేరుగా ఉండాలి.

చివరి మాట కమిటీ పెద్దలకు. కౌంటరు పట్టిన కుర్రవాడికి తలుపు ఆపే అధికారం కూడా ఇవ్వాలి. 180 వచ్చిందని అతడు అధ్యక్షుణ్ణి వెదుక్కొంటూ పోయేలోపు ఇంకో ముప్పై మంది లోపల ఉంటారు. ఎమ్మెల్యే గారి బంధువులైనా, దాత గారి కుటుంబమైనా, లోపలినుండి అంతమంది బయటికి వచ్చిన తరువాతనే వారిని పంపాలని ముందే తీర్మానం రాసుకోవాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పోలీసు, దేవాదాయ శాఖల అధికారులు ఉత్సవాలకు అనుమతి ఇచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి: హద్దు ఎంత? దాన్ని దేనినిబట్టి తేల్చారు? లెక్కించే మనిషి ఎక్కడ నిలబడతాడు? వీటికి జవాబు చెప్పలేని కమిటీకి అనుమతి కాగితం ఇవ్వకుండా ఆపడమే న్యాయం. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు.