జవాబు రాని ఉత్తరం

పేరున్న రచయిత్రికి కథ పంపి "కాస్త చూసి చెప్పండమ్మా" అని అడుగుతాం. నెలైనా ఉలుకూ పలుకూ ఉండదు. గర్వమనుకోకండి. ఆవిడ బల్ల మీద అలాంటివి ఎన్ని ఉన్నాయో! ఒక్కసారి గుర్తు చేయండి, అంతే.

నాకైతే గుర్తు చేశాక "ఇప్పుడు వీలుపడదమ్మా" అని రెండు ముక్కలొచ్చాయి. ఉక్రోషం వచ్చిన మాట నిజం. అయినా ఎందుకని అడగలేదు, బతిమాలలేదు. "జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు. కథ అచ్చయితే పంపుతాను" అని మాత్రం రాశాను. దానికి ఆవిడ బదులు రాయనక్కర్లేదు, తలుపు మాత్రం దగ్గరగా వేసినట్టుంటుంది, గడియ పడదు.

ఏడాదిన్నరకి కథ అచ్చయింది. ఆ పేజీ కత్తిరించి పంపాను, ఈసారి ఏమీ అడగకుండా. వారంలో కార్డు వచ్చింది: "ముగింపులో తొందరపడ్డావమ్మా. తర్వాతది అచ్చుకి ముందే పంపు."