మాట పెద్దక్షరాల్లో, షరతు చీమతలకాయంత



మన గ్రూపులో ఈమధ్య పెద్దవాళ్లను ఇంట్లోనే చూసుకునే సంస్థల పోస్టులు తెగ తిరుగుతున్నాయి. రూపాయి బిళ్లంత అక్షరాలు, ఐదే మాటలు: ‘మీ అమ్మ ఒంటరిగా ఉందా? మేమున్నాం.’ నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. అక్షరాలు పెద్దగా, భాష సులువుగా ఉంటే నాకూ హాయే. నా తగాదా దానితో కాదు.

‘మీ అమ్మ’ అని పిలుస్తున్నది ఎవరిని? ఊరు దాటి వెళ్లిన కొడుకును, కూతురిని. అక్షరాలు అమ్మ కళ్లకు తగినట్టు వేసి, గురి మాత్రం పిల్లల బెంగకు పెడతారు. బెంగలో ఉన్నవాడు కింద చిన్న గీతలో ఏముందో చూడడు.

ఉదాహరణకు పైన ‘24 గంటల సేవ, రోజుకు 900 నుంచి’ అని ఉందనుకోండి. కొడుకు నెలకు 27,000 అని లెక్కేసుకుంటాడు. కింద చూస్తే ఆ 900 పన్నెండు గంటల షిఫ్టుకు. రాత్రికి ఇంకో మనిషి వస్తే నెలకు 54,000. లేదు, ఒక్కరే ఇంట్లో ఉండిపోతారంటారా? ఆ మనిషి నిద్రపోవద్దా? అమ్మ రాత్రి మూడుసార్లు బాత్రూమ్‌కి లేస్తే పట్టుకునేదెవరు?

రెండోది ‘నర్సింగ్ కేర్’ అనే మాట. ఫోటోలో తెల్ల యూనిఫారం. ఇంటికొచ్చేది చాలాసార్లు అటెండర్. స్నానం చేయించడం, తినిపించడం, నడిపించడం ఆమె పని, గౌరవమైన పనే. యూరిన్ ట్యూబు మార్చడం ఆమె పని కాదు. నర్సు అంటే చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైన మనిషి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నీళ్లు నమిలారంటే సంగతి తెలిసిపోతుంది.

దీనికి రూలు లేకపోలేదు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపూరిత ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటనలో మాట ఏ భాషలో, ఏ అక్షరాల్లో ఉందో షరతూ అదే భాషలో, అవే అక్షరాల్లో ఉండాలి. షరతు వచ్చి పైమాటను కొట్టిపారేయకూడదు. పైన తెలుగు, కింద చీమతలకాయంత ఇంగ్లీషు అంటే రూలు తప్పినట్టే. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు.

నాకు అన్నిటికంటే మండేది ఇంకొకటి. డబ్బు కట్టేది కొడుకు, ఫోన్‌లో ఒప్పుకునేది కొడుకు. తనను ఎత్తి కూర్చోబెట్టే చేతులు ఎవరివో అమ్మను మాత్రం ఎవరూ అడగరు. పోస్టుకు పెద్దక్షరాలు దొరికినప్పుడు ఒప్పంద పత్రానికి ఎందుకు దొరకవు? అది ఆమె చదవగల భాషలో, ఆమె దిండు పక్కన ఉండాలి. వచ్చే మనిషి పేరు, షిఫ్టు గంటలు, సెలవు పెడితే ఎవరొస్తారు, మానేస్తే అడ్వాన్సు తిరిగిస్తారా అన్నవి అందులో ఉండాలి.

అడ్మిన్ గారికి నా మనవి: షరతులు కూడా అంతే పెద్దగా వేయని పోస్టును మన గ్రూపులోకి రానివ్వకండి.